ఒక్కో స్లైడుకి ముప్ఫై సెకన్లు

రెండు వేల సంవత్సరం దాటిన అయిదారేళ్లకి నేను గాజువాక అవతల ఒక చిన్న ప్రైవేటు ఇనుము కర్మాగారంలో భద్రత పాఠాలు చెప్పే ఉద్యోగం చేసేదాన్ని. ఊళ్లో అందరికీ తెలిసిన పెద్ద కర్మాగారం కాదు. ఒక చిన్న బ్లాస్ట్ ఫర్నేసు, ముడి ఇనుము దిమ్మలు పోసే షెడ్డు, దుమ్ము పట్టిన నాలుగు వేపచెట్లు. అంతే. మా నాన్న పోర్టు ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు కాబట్టి నేను పుట్టింది, చదివింది, బస్సుల్లో నలిగింది అంతా విశాఖలోనే.

ఫర్నేసు నుంచి వచ్చే గ్యాసులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు. పక్కనే ఉన్నా తెలియదు. తెలిసేసరికి కాళ్లు పనిచేయవు. అందుకని కాంట్రాక్టు మీద లోపలికొచ్చే ప్రతి మనిషికీ గేటు దగ్గరి రేకుల హాల్లో ఒక పాఠం చెప్పి, రెండు ప్రశ్నలడిగి, అప్పుడు పాసు ఇవ్వాలి. ఆ పాఠం నేనూ, గ్యాస్ మేస్త్రీ కలిసి చెప్పేవాళ్లం. మేస్త్రికి యాభై దాటాయి. సింహాచలం కొండ వెనక ఊరు. ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని. మెడలో గ్యాసు మీటరు వేసుకుని, భుజాన గాలి సిలిండరు సెట్టు తగిలించుకుని హాల్లోకి వస్తే చాలు, సగం పాఠం అయిపోయేది. మిగతా సగం నేను గోడ మీద స్లైడ్లు వేసి చెప్పేదాన్ని. ఎవరి మొహమైనా అర్థం కానట్టు కనిపిస్తే ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చెప్పేదాన్ని.

మా పై అధికారి, ట్రైనింగ్ సారు, ఈ పాఠాన్ని ఒక్కసారీ పూర్తిగా వినలేదు. గుమ్మం దగ్గర నిలబడి రెండు నిమిషాలు చూసి, గడియారం చూసుకుని వెళ్లిపోయేవాడు. మనిషి ఇస్త్రీ చొక్కా నలగకుండా ఒక కర్మాగారంలో ఇరవై ఏళ్లు ఎలా గడిపాడా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఆయన ఏదో మీటింగుకి వెళ్లి, అక్కడ ఎవరో పాఠాన్ని సీడీలో పెట్టి టీవీలో వేయడం చూసి వచ్చాడు. వచ్చిన మర్నాడే నన్ను పిలిచాడు.

"ఏమ్మా, రోజూ గొంతు చించుకోవడం దేనికి? మన స్లైడ్లున్నాయి కదా. వాటికి వాయిస్ పెట్టి వీడియో చేసేద్దాం. గేటు దగ్గర టీవీలో వాడే చూస్తాడు, వాడే నేర్చుకుంటాడు."

"వాయిస్ ఎవరిది సార్?"

ఆ ప్రశ్న అడగడమే తప్పన్నట్టు చూశాడు. "ఎవరిదేమిటి? నాదే."

ఇంతకీ ఆయన ముందుగా చేసింది, నా పద్దెనిమిది స్లైడ్లని ఇరవై నాలుగు చేయడం. మొదట ఒక స్వాగతం స్లైడు. తర్వాత సంస్థ ఆశయం అని ఒకటి. తర్వాత విషయసూచిక. తర్వాత ఆయన ఫొటో ఉన్న సందేశం. చివర్న రకరకాల గ్యాసుల పట్టిక, తొమ్మిది వరసలు, అక్షరాలు చీమల బారులా. నీలం మీద ఎరుపు. ఆ వెనక ధన్యవాదాల స్లైడు. దుమ్ము పీల్చకుండా ముక్కుకి కట్టుకునే గుడ్డ గ్యాసుని ఆపదని చెప్పే స్లైడు ఒకటుంది. ఆ దుమ్ము గుడ్డ బొమ్మ మీద నేను పెద్దగా రాసుకున్న "ఇది పనికిరాదు" అన్న మాటని, బొమ్మకి అడ్డంగా ఉందని, చిన్నది చేసి అడుగున ఒక అంచుకి తోసేశాడు. ఇప్పుడు బాగుంది చూడు, నీట్‌గా, అన్నాడు.

రికార్డింగు ఆయన గదిలోనే జరిగింది. తల మీద పెట్టుకునే మైకు ఒకటి కొన్నారు. నేను ఏసీ ఆపమన్నాను. చెమటలు పడతాయి అన్నాడు. కిటికీ అవతల లారీ వెనక్కి వచ్చే పీప్ పీప్ శబ్దం పడుతోందన్నాను. అది పరిశ్రమ వాతావరణం అన్నాడు. ఇక మొదలుపెట్టాడు. స్లైడ్ల ప్రోగ్రాములోనే మాట రికార్డు చేసే ఏర్పాటు ఉంది. మనం మాట్లాడుతూ స్లైడు మారుస్తూ పోతే, ఏ స్లైడు మీద ఎంతసేపు ఉన్నామో అది గుర్తుపెట్టుకుంటుంది, ఆ మాటని ఆ స్లైడుకే కడుతుంది. ఒక స్లైడు నుంచి ఇంకో స్లైడుకి మారే క్షణంలో మాత్రం అది ఏమీ వినదు. అప్పుడు నోరు మూసుకోవాలి. సారుకి నోరు మూసుకోవడం అలవాటు లేదు. వాక్యం మధ్యలో బటన్ నొక్కేవాడు. అందుకే వింటే "గ్యాసు లీకైన యెడల కార్మికులు వెంటనే..." అని ఆగి, తర్వాతి స్లైడులో "...చవలెను" అని వినిపించేది. "గాలికి అడ్డముగా నిష్క్రమించవలెను" లో మిగిలిన ముక్క అది. "చవలెను" అంటే ఏమిటో నాకే తెలియలేదు. గేటు దగ్గర వాళ్లకి ఇంకేదో అర్థమైతే తప్పు వాళ్లది కాదు.

నేను చెప్పాను. "సార్, స్లైడు మారాక ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టండి."

"నా ఫ్లో పోతుంది" అన్నాడు.

గ్రాంథికం ఒకటి. గాలి సిలిండరు సెట్టుని ఆయన "శ్వాస ఉపకరణము" అన్నాడు. మూడేళ్లుగా దాన్ని మా వాళ్లంతా సెట్టు అంటున్నారు. సెట్టు తే, సెట్టు ఎయ్, సెట్టు ఖాళీ అయిపోనాది. శ్వాస ఉపకరణమంటే ఆస్పత్రిలో వస్తువేమో అనుకుంటారు.

అయిపోయాక ఆయన ఆ స్లైడ్ల ఫైలు ఒక్కటే సీడీలోకి ఎక్కించి, గేటు హాల్లో కంప్యూటరు పెట్టించి, నలభై మంది కాంట్రాక్టు మనుషుల్ని కూర్చోబెట్టి నొక్కాడు. స్లైడ్లు వాటంతటవే మారుతున్నాయి. మాట లేదు. స్పీకర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూశారు. తీగలు లాగారు. వెనక బెంచీలో ఒకాయన, "మూగ సినిమానేటి బావా?" అన్నాడు పక్కవాడితో. జరిగిందేమిటంటే, రికార్డు చేసేటప్పుడు మాటల ఫైళ్లని విడిగా ఉంచే గడిలో సారు టిక్కు పెట్టాడు. మాటలన్నీ ఆయన కంప్యూటర్లో వేరే ఫైళ్లుగా ఉండిపోయాయి. సీడీలోకి వచ్చింది బొమ్మలు మాత్రమే. పైగా హాల్లో కంప్యూటరుకి మా తెలుగు ఫాంటు లేదు. అప్పట్లో ఒక్కో ఫాంటు ఒక్కో లోకం. అది లేని చోట తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల చెత్తగా కనిపించేది. నలభై మంది ఆ చెత్తని మర్యాదగా చూస్తూ కూర్చున్నారు. వాళ్ల మర్యాద తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఈ అవమానం తర్వాత సారు నన్ను నమ్మాల్సింది. నమ్మలేదు. "ప్రొఫెషనల్‌కి ఇద్దాం" అన్నాడు. ఆ ప్రొఫెషనల్ ద్వారకా నగర్‌లో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, రెండో అంతస్తులో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే ఆయన. గోడల నిండా పెళ్లికూతుళ్లు గులాబీ పువ్వుల్లోంచి తొంగి చూస్తున్నారు. నేనూ సారూ కలిసి వెళ్లాం. స్లైడ్లన్నీ బొమ్మలుగా దాచి ఇమ్మన్నాడు మిక్సింగ్ ఆయన. అది సరైన మాటే. బొమ్మ అయిపోయాక ఫాంటు గొడవ ఉండదు. సారు మాటలన్నీ వరసగా అతికితే సరిగ్గా పన్నెండు నిమిషాలు వచ్చింది. ఇరవై నాలుగు బొమ్మలు.

మిక్సింగ్ ఆయన మనసులో లెక్క వేశాడు. "ఒక్కోదానికి ముప్ఫై సెకన్లు. సరిపోద్ది సార్."

ఏమిటీ ఈ మనిషి అంటున్నది అని ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమై, "అలా కుదరదండీ" అన్నాను. "స్వాగతం స్లైడుకి మాట పది సెకన్లే. పట్టిక స్లైడుకి నిమిషం పైనే ఉంది. ఏ బొమ్మ మీద ఏ మాటో చూసుకుని కలపాలి."

"మేడం, పెళ్లి ఆల్బమ్ కూడా ఇలాగే సేత్తాం. పాట ఎంత ఉంటే ఫొటోలకి అంత పంచేత్తాం. ఇప్పటిదాకా ఏ పెళ్లికొడుకూ కంప్లైంటు ఇవ్వలేదు."

సారు నవ్వాడు. ఇద్దరూ నా వైపు చూసి నవ్వారు. మిక్సింగ్ ఆయన టీవీలో వేసి చూపించాడు. మొదటి పది సెకన్లు చూశారు. స్వాగతం బొమ్మ మీద స్వాగతం మాట. చివరి పది సెకన్లకి లాగి చూశారు. ధన్యవాదాల బొమ్మ మీద ధన్యవాదాల మాట. "మొదలూ కలిసింది, చివరా కలిసింది, ఇంకేం కావాలి?" అన్నాడు సారు. మొత్తాన్ని సమానంగా పంచితే రెండు కొసలూ కలవక ఏం చేస్తాయి? మధ్యలో ఏముందో చూడమన్నాను. బస్సుకి టైమవుతోందన్నాడు. మధ్యలో ఉన్నదే పాఠం. మొదట్లో ఉన్నది ఆయన ఫొటో.

ఇక్కడ నా గురించి కూడా చెప్పాలి. ఆ వీడియోని పరిశీలించినట్టు ఒక కాగితం మీద ఇద్దరం సంతకం పెట్టాలి. నేను పెట్టాను. మధ్య భాగం చూడకుండా పెట్టాను. ఇద్దరు మగవాళ్లు నవ్వారని చిన్నబుచ్చుకుని, ఏమైనా కానీ అనుకుని పెట్టాను. సారుని ఎంత వెటకారం చేసినా, ఆ కాగితం మీద ఉన్న రెండు సంతకాల్లో ఒకటి నాదే.

మిక్సింగ్ ఆయన దాన్ని వీసీడీ చేసి ఇచ్చాడు. వీసీడీలో బొమ్మ వెడల్పు మూడు వందల యాభై చుక్కలు, ఎత్తు మూడు వందల కంటే తక్కువ. పెళ్లికూతురి బుగ్గలకి అది చాలు. తొమ్మిది వరసల పట్టికకి చాలదు. గేటు హాల్లో టీవీ మీద ఆ పట్టిక ఎర్ర తుప్పు మరకలా ఉండేది. పైగా పాత టీవీలు బొమ్మ అంచుల్ని నాలుగు వైపులా కొంత మింగేస్తాయి. అంచున ఉన్నదేదీ తెర మీదికి రాదు. సారు నీట్‌గా అడుక్కి తోసిన "ఇది పనికిరాదు" అన్న మాట టీవీ చెక్క చట్రం వెనక ఉండిపోయింది.

నన్ను హాల్లోంచి తీసి రికార్డుల పనికి వేశారు. మేస్త్రిని పూర్తిగా ఫర్నేసు దగ్గరికి పంపేశారు. టీవీ పాఠం చెప్తోంది. సెక్యూరిటీ ఆయన బటన్ నొక్కి బీడీకి వెళ్లేవాడు. నెల తిరక్కుండా పాసుల సంఖ్య పెరిగిందని సారు నోటీసు బోర్డు మీద పెట్టించాడు.

ఆ తర్వాత ఒక సోమవారం ఉదయం పదకొండు గంటలకి గ్యాసు గొట్టం ప్లాట్‌ఫారం మీద ఒక వెల్డరు కూలబడ్డాడు.

నలభై ఏళ్ల మనిషి. యారాడ నుంచి పనికి వచ్చేవాడు. వేట ఇష్టంలేక వెల్డింగు నేర్చుకున్న మత్స్యకారుడు. నిదానస్తుడు, ముందూవెనకా చూసుకుని అడుగేసే రకం. వాల్వు దగ్గర పని ఉందని చెప్తే, ముక్కుకీ నోటికీ దుమ్ము గుడ్డ కట్టుకుని, ముడి రెండుసార్లు బిగించుకుని మరీ మెట్లెక్కాడు. వాల్వు చిన్నగా లీకవుతోంది. కింద వెళ్తున్న మేస్త్రి మెడలో మీటరు కూయడంతో తలెత్తి చూశాడు. పైన మనిషి రెయిలింగు పట్టుకుని తాగినవాడిలా ఊగుతున్నాడు. మేస్త్రి అరిచి మిగతావాళ్లని గాలికి ఎదురువైపుకి తరిమి, సెట్టు తగిలించుకుని పైకెళ్లి, ఆ మనిషిని భుజాన వేసుకుని దింపాడు. కంగారుపడి సెట్టు లేకుండా ఎక్కి ఉంటే ఇద్దరూ అక్కడే ఉండేవాళ్లు.

ఆక్సిజన్ పెట్టారు. ఆస్పత్రికి తీసుకెళ్లారు. బతికాడు. మూడో రోజు నేను చూడ్డానికి వెళ్తే మేస్త్రి అప్పటికే మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. తల నొప్పి ఇంకా తగ్గలేదంటున్నాడు వెల్డరు. మేస్త్రికి కోపం ఆగలేదు.

"ఏటి బావా, పిచ్చా నీకు? గుడ్డ కట్టుకుని గ్యాసు కాడికి ఎల్తావేటి?"

వెల్డరు నా వైపు కూడా చూసి, చాలా మామూలుగా చెప్పాడు. "అదేటి బావా అలాగంతావ్? టీవీలో సూపించినారు గదా. గుడ్డ బొమ్మ ఏసి, దీన్ని కట్టుకున్నాకే లోపలికి ఎల్లాలని సారు సెప్పినారు. నాను బాగా సూసినాను. ఇన్నాను కూడా. అందుకే రెండు ముళ్లేసినాను."

నేను ఆస్పత్రి నుంచి సరాసరి గేటు హాలుకి వెళ్లి, తలుపేసుకుని, ఆ వీసీడీని మొదటిసారి మధ్యలోంచి చూశాను. మొదటి ఎనిమిది స్లైడ్ల సొల్లుకి సారు మాట నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. బొమ్మలు మాత్రం ఒక్కోటీ ముప్ఫై సెకన్లు నిలబడుతున్నాయి. అంటే మాట ముందుకి పోయింది, బొమ్మ వెనకబడింది. తొమ్మిదో బొమ్మ దుమ్ము గుడ్డ. దాని మాట అప్పటికే అయిపోయింది. తెర నిండా దుమ్ము గుడ్డ ఉండగానే సారు గొంతు గంభీరంగా పదో స్లైడు, అంటే సెట్టు స్లైడు మాట మొదలుపెట్టింది. "దీనిని ధరించిన పిమ్మటనే గ్యాసు ప్రాంతమున ప్రవేశించవలెను." శ్వాస ఉపకరణము అన్న మాట రికార్డు చేసినప్పుడే, సారు స్లైడు మార్చిన తొందరలో మాయమైంది. చివర్న పొడుగాటి పట్టిక మీద బొమ్మలు మళ్లీ మాటని అందుకుని, ధన్యవాదాల దగ్గర అంతా చక్కగా కలిసిపోయింది.

నేను అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. నా సంతకం గుర్తొచ్చింది.

విచారణ కాగితం సారు అప్పటికే రాసేశాడు. "కార్మికుని అజాగ్రత్త, అవగాహనా లోపము." నన్ను పిలిచి సాక్షిగా సంతకం అడిగాడు.

"నేను పెట్టను సార్. ఆయన మనం నేర్పినట్టే చేశాడు."

"ఏం నేర్పాం మనం? స్లైడులో స్పష్టంగా రాసి ఉంది పనికిరాదని."

"స్లైడులో ఉంది. టీవీలో లేదు."

"నువ్వు అనవసరంగా పెద్దది చేస్తున్నావమ్మా. వాళ్లకి చదువు లేదు, ఎలా చూపించినా అంతే."

ఆ మాట అన్నాక ఆయన మీద నాకు మిగిలిన ఆ కాస్త జాలి కూడా పోయింది. గంపెడు చదువు ఉండి తన సొంత వీడియో చూడనివాడు, చూసి నమ్మిన మనిషిని చదువు లేదంటున్నాడు.

విచారణకి ఫ్యాక్టరీ మేనేజరు వచ్చాడు. ముక్కుసూటి మనిషి, ఎవరికీ మిత్రుడు కాదు. నేను ఒక్కటే అడిగాను. "సార్, మీరు వెనక బెంచీలో కూర్చుని ఆ వీడియో చూడండి. ముందు కుర్చీలో కాదు. కార్మికులు కూర్చునే చోట."

ట్రైనింగ్ సారు ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు. మేనేజరు వాటిని దాటి వెనక బెంచీకి వెళ్లి కూర్చున్నాడు. నేను దుమ్ము గుడ్డ బొమ్మ దగ్గరికి తెచ్చి వదిలాను. గొంతు "దీనిని ధరించిన పిమ్మటనే" అంది. మేనేజరు ఇంకోసారి వేయమన్నాడు. రెండోసారి చూశాక అడిగాడు.

"కింద ఏదో రాసి ఉందన్నారు, ఎక్కడ?"

"టీవీ వెనక ఉంది సార్" అన్నాను.

పట్టిక వేయమన్నాడు. వేశాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. అద్దాల తప్పు కాదని తేలాక ట్రైనింగ్ సారు వైపు తిరిగాడు.

"మీరు దీన్ని పూర్తిగా చూశారా?"

"మొదలూ చివరా చూశాం సార్. ప్రొఫెషనల్ చేసింది..."

"మధ్యలో?"

సారు నా వైపు చూశాడు. రక్షించమన్నట్టా, నువ్వూ ఉన్నావుగా అన్నట్టా తెలియదు. నేను చెప్పేశాను. "నేనూ చూడలేదు సార్. చూడకుండానే సంతకం పెట్టాను." మేనేజరు నన్ను కూడా అదే చూపు చూశాడు. నాకు రావాల్సిన చూపే అది. ఇద్దరికీ మెమోలు వచ్చాయి. వెల్డరు మీద రాసిన కాగితం చింపించాడు. సీడీ ఆపించి, పాఠం మళ్లీ మనుషుల చేత చెప్పించమన్నాడు. ఈలోగా సరిగ్గా ఉన్న వీడియో నన్ను చేయమన్నాడు. ఫర్నేసు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్, రోజుకి వందల మంది వచ్చేది, దగ్గరపడుతోంది, ఇద్దరి గొంతులు చాలవు.

ఈసారి గొంతు మేస్త్రిది. ఆయన ఒప్పుకోలేదు ముందు. "నా మాట మోటుగా ఉంటాదమ్మా. సదువుకున్నోళ్లు నవ్వుతారు."

"చదువుకున్నవాళ్లు మాట్లాడితే ఏమైందో చూశాం కదా బాబాయ్."

స్టోరులో కొత్త గ్లవ్సు, ఆప్రాన్ల మూటలు పేర్చిన గది ఒకటి ఉంది. గోడల నిండా గుడ్డ మూటలే కాబట్టి మాట మార్మోగదు. ఫ్యాను ఆపేసి, భోజనాల వేళ క్రేను ఆగినప్పుడు రికార్డు చేశాం. మైకు నోటికి ఎదురుగా పెడితే "ప", "బ" అక్షరాల దగ్గర ఊపిరి తగిలి ఢాంమంటోంది. కాస్త పక్కకి, జానెడు దూరంలో పెట్టాను. కంప్యూటర్లో ఉన్న చిన్న రికార్డరు అరవై సెకన్లు దాటితే ఆగిపోయేది. అందరూ దాన్ని తిట్టుకునేవాళ్లు. నాకు మాత్రం అది పనికొచ్చింది. ఏ స్లైడు మాటైనా అరవై సెకన్లలో అవ్వకపోతే, ఆ స్లైడుని రెండు ముక్కలు చేశాను. ఒక్కో స్లైడు మాట ఒక్కో ఫైలు. తప్పు వస్తే ఆ ఒక్కటే మళ్లీ.

మేస్త్రికి రాసింది చదవడం రాదని కాదు, చదివితే గొంతు బిగుసుకుపోయేది. కాగితం తీసేశాను. బొమ్మ చూపించి, "ఎదురుగా ఆ యారాడ వెల్డరు కూర్చున్నాడనుకో. చెప్పు" అన్నాను.

ఆయన బొమ్మ వైపు కాసేపు చూశాడు. "ఇదిగో సూడండి. ఇది దుమ్ము గుడ్డ. దుమ్ముని ఆపుద్ది. గ్యాసుని ఆపదు. ఇది కట్టుకుని గ్యాసు కాడికి ఎల్తే మీ పెళ్లాం బిడ్డలు మిమ్మల్ని సూడరు. అంతే." అలా అని ఆగిపోయాడు. నేను దాన్ని అలాగే ఉంచాను.

స్లైడ్లు మళ్లీ చేశాను. స్వాగతం లేదు, ఆశయం లేదు, ఫొటో అసలే లేదు. ఒక్కో స్లైడుకి నాలుగు లైన్లకి మించి లేవు. నాలుగు వైపులా పదో వంతు ఖాళీ వదిలాను, టీవీ మింగేది ఏదైనా ఉంటే ఆ ఖాళీని మింగనీ అని. నీలం మీద ఎరుపు తీసేసి ముదురు నీలం మీద తెలుపు పెట్టాను. టీవీలో ఎరుపు అక్షరం అంచులు కారిపోతాయి. సన్నటి గీతలు వణుకుతాయని వాటిని లావు చేశాను. పట్టికని పారేసి, అందులో వాళ్లకి నిజంగా కావాల్సిన ఒక్క అంకెని తెర నిండా వేశాను, మీటరు కూసే అంకె. బొమ్మలుగా దాచేటప్పుడు అక్షరాల చుట్టూ మసక తెచ్చే రకం కాకుండా, స్పష్టంగా ఉంచే పీఎన్‌జీ రకంలో దాచాను.

కంప్యూటర్‌తో పాటు వచ్చిన సినిమా అతికే ప్రోగ్రాములో బొమ్మలన్నీ వరసగా పరిచాను. అది తనంతట తను ప్రతి బొమ్మకీ అయిదు సెకన్లు ఇచ్చింది. యంత్రానికీ మిక్సింగ్ ఆయనకీ పెద్ద తేడా లేదు, అడక్కపోతే అన్నిటికీ ఒకటే కొలత. నేను ఒక్కో మాటని దాని బొమ్మ కింద పెట్టి, మాట మొదలవడానికి అర సెకను ముందు బొమ్మ వచ్చేలా, మాట అయ్యాక రెండు సెకన్లు ఉండేలా బొమ్మ కొస పట్టుకుని లాగాను. దుమ్ము గుడ్డ బొమ్మ మాట అయ్యాక నాలుగు సెకన్లు వదిలాను. ఒక బొమ్మ కొలత మారిస్తే తర్వాతివన్నీ జరుగుతాయి. అందుకే మొదటి నుంచి చివరకి వరసగా చేసి, మళ్లీ మొదటి నుంచి పూర్తిగా చూశాను. మధ్యలో ఎక్కడా ఆపకుండా, దాటకుండా.

ముగింపు పనిలో నేను కూడా తప్పు చేశాను. మొదటిసారి చిన్న ఫైలుగా దాచమని నొక్కాను. అక్షరాలు మళ్లీ బూజు పట్టాయి. రెండోసారి అన్నిటికంటే పెద్ద నాణ్యతలో, మన దేశపు టీవీలు వాడే పాల్ అనే కొలతలో, ఏడు వందల ఇరవైకి అయిదు వందల డెబ్బై ఆరు చుక్కలతో దాచాను. పది నిమిషాల పాఠం రెండు గిగాలు దాటింది. దాన్నుంచి డీవీడీ చేశాను. వీసీడీ వద్దు, డీవీడీ ప్లేయరే కావాలని మేనేజరుకి రాస్తే మాట్లాడకుండా తెప్పించాడు. హాల్లో టీవీలో వేసి, వెనక బెంచీ చివర కూర్చుని చూశాను. ఒక స్లైడు కనపడలేదు. వెనక్కి వెళ్లి అక్షరాలు పెంచి, మళ్లీ డీవీడీ చేశాను. మూడోసారికి అన్నీ కనపడ్డాయి.

మొదటి ఉదయం హాలు నిండా జనం. వెల్డరు కూడా వచ్చి కూర్చున్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక మళ్లీ పాసు కావాలంటే పాఠం వినాల్సిందే. మేస్త్రి మాత్రం హాల్లోకి రాకుండా గుమ్మం బయట నిలబడ్డాడు, సిగ్గుతో. తెర మీద దుమ్ము గుడ్డ వచ్చింది. "మీ పెళ్లాం బిడ్డలు మిమ్మల్ని సూడరు. అంతే" అని గొంతు ఆగింది. నాలుగు సెకన్లు ఎవరూ కదల్లేదు. పాఠం అయ్యాక నేను రెండు ప్రశ్నలడిగాను. మూడో వరసలో ఒకావిడ, తట్ట మోసే మనిషి, లేచి, "గుడ్డ కాదు మేడమ్మా, సెట్టు. సెట్టు లేకపోతే గాలికి అడ్డంగా పారిపోడమే" అంది. వెల్డరు చెయ్యెత్తాడు. "ఇంకోపాలి ఎయ్యండి మేడం. మొన్న ఒక్కపాలే సూసి సచ్చేవోణ్ణి." జనం నవ్వారు. మళ్లీ వేశాను.

ట్రైనింగ్ సారు వారం తర్వాత నా దగ్గరికి వచ్చాడు. ఆడిట్ వాళ్లు వస్తున్నారట. "వీడియో బాగానే ఉంది కానీ, ఆ భాష... ఎల్తారు, సూడరు... బయటివాళ్ల ముందు బాగుండదమ్మా. గొంతు మారుద్దాం. మొదట్లో నా సందేశం ఒకటి పెడదాం, పదిహేను సెకన్లే."

"పెట్టొచ్చు సార్. అప్పుడు వెనక ఉన్నవన్నీ మళ్లీ సరిచూసి, మీరూ నేనూ కూర్చుని మధ్య భాగం పూర్తిగా చూసి సంతకం పెట్టాలి."

ఆయన గడియారం చూసుకున్నాడు. చూద్దాంలే అని వెళ్లిపోయాడు.

ఆడిట్ వాళ్లు వచ్చారు. అందులో ఒకావిడ హాల్లో వెనక కూర్చుని మొత్తం చూసి, గొంతు ఎవరిదని అడిగింది. "మా ట్రైనింగ్ విభాగం చేయించిందండీ" అన్నాడు సారు, చొక్కా సర్దుకుంటూ. ఆవిడ అడిగింది గొంతు ఎవరిదని. నేను వేలు చూపించాను. ఫర్నేసు దారిలో, సిలిండరు భుజాన వేసుకుని, మేస్త్రి ఎవరినో తిడుతూ పోతున్నాడు.